కాదన్న మనిషి ఉన్న కథ

ఇంటర్వ్యూ మొదలై ఇరవై నిమిషాలయ్యాక, ఎదుటివాళ్లు కాస్త కుదురుకున్నాక, ఈ ప్రశ్న వేస్తాం. "మీకు ఏ హోదా లేకపోయినా, మీతో సమానమైన వాళ్లని ఒక పనికి ఒప్పించిన సందర్భం ఒకటి చెప్పండి." లీడింగ్ వితౌట్ అథారిటీ ప్రశ్న అంటే ఇదే. పన్నెండేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, అందులో ఏడేళ్లుగా ప్యానెల్లో కూర్చుంటున్నాను. ఈ ప్రశ్నకి నేను ఎక్కువసార్లు విన్న జవాబు ఒకటుంది: "మా టీమ్ లీడ్ రెండు నెలలు సెలవు పెట్టారండీ. ఆ రెండు నెలలూ టీమ్‌ని నేనే చూసుకున్నాను."

వినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే సెలవుకి వెళ్లే ముందు ఆ లీడ్ అందరినీ పిలిచి, "నేను వచ్చేదాకా ఏదున్నా ఈ అమ్మాయిని అడగండి" అని చెప్పే ఉంటారు. అంటే కుర్చీ ఖాళీ అయింది, ఆమె అందులో కూర్చుంది. జనం ఆమె మాట విన్నారా, కుర్చీ మాట విన్నారా అన్నది మాకు తెలియదు. ఆమె అబద్ధం చెప్పలేదు, కష్టపడలేదనీ కాదు. ఉదాహరణ తప్పుగా ఎంచుకుంది, అంతే. ఈ ప్రశ్నలో నెగ్గడం, ఓడడం చాలావరకు ఆ ఎంపిక దగ్గరే తేలిపోతుంది. మాట్లాడే తీరు తర్వాతి సంగతి.

నా నోట్‌బుక్‌లో పేజీ మధ్యన ఒక గీత గీసుకుంటాను. ఎడమవైపు ఏం జరిగిందో రాస్తాను. కుడివైపు ఈ మనిషి ఏం చేస్తే అది జరిగిందో రాస్తాను. జవాబు ముగిసేసరికి ఎడమవైపు నిండిపోయి, కుడివైపు ఒకటి రెండు మాటలతో మిగిలిపోయిన పేజీలు నా దగ్గర చాలా ఉన్నాయి.

కుడివైపు ఏం రావాలో అర్థం కావడానికి ఒక పాత లెక్క పనికొస్తుంది. ఒక మనిషి మాట ఇంకో మనిషి ఎందుకు వింటాడన్న దాని మీద 1959లో జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రామ్ రావెన్ అనే ఇద్దరు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదు కారణాలు చెప్పారు. అతనికి ఆ హక్కు ఉందని నమ్మి వినడం, ఏదైనా ఇస్తాడని వినడం, శిక్షిస్తాడని వినడం, అతనికి విషయం తెలుసని వినడం, అతని మీద గౌరవమో అభిమానమో ఉండి వినడం. కొన్నేళ్లకి రావెన్ ఆరోది కూడా చేర్చాడు. చెప్పే మనిషి ఎవరైనా సరే, అతను ముందు పెట్టిన సమాచారమే ఒప్పించేలా ఉండటం. మొదటి మూడూ సాధారణంగా కుర్చీతో వస్తాయి, కుర్చీతోనే పోతాయి. ఈ ప్రశ్న వేసేవాళ్లు వెతికేది మిగిలిన మూడింటిని. మీరు చెప్పే కథలో ఆ మూడింటిలో ఏది పనిచేసిందో మీకు ముందే తెలిసి ఉండాలి. అది అనుకున్నంత తేలిక కాదు. ఆ సంగతి నాకు మా పిన్ని కూతురి విషయంలో తెలిసింది.

తను నాలుగేళ్లుగా ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు. కరెంటు బిల్లు, నీటి బిల్లు కట్టుకునే యాప్ వాళ్లది. ఇంకో కంపెనీలో సీనియర్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉందని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. కాగితం మీద మూడు కథలు రాసుకొచ్చింది.

"అక్కా, ఈ మూడింట్లో ఏది పెద్దగా కనిపిస్తుందో అది చెప్తా" అంది.

మొదటిది ఇంజినీరింగ్ కాలేజీలో ఫెస్ట్. రెండు వేల మంది వచ్చారు, నలభై మంది వాలంటీర్లు ఉన్నారు. అంకెలు పెద్దవే, కానీ తను స్టూడెంట్ కోఆర్డినేటర్. మెడలో ఆ పేరుతో బ్యాడ్జి ఉంది. పక్కన పెట్టేశాం. రెండోది ఒక రాత్రి సర్వర్ పడిపోతే తెల్లవారుజామున నాలుగింటిదాకా మేలుకుని లోపం పట్టుకున్న కథ. చెబుతుంటే తన కళ్లు మెరిశాయి. నిజంగా గొప్ప పనే. కానీ ఆ రాత్రి తను ఎవరినీ ఒప్పించలేదు, ఒప్పించాల్సిన అవసరమూ పడలేదు. "కష్టమైన సమస్యని మీరు ఎలా పరిష్కరించారు" అని అడిగినప్పుడు అది బంగారం లాంటి జవాబు. ఇక్కడ పనికిరాదు.

మూడోది కాగితం అడుగున చిన్న అక్షరాల్లో రాసుకుంది. "రాత్రి రన్ టెస్టుల గోల." దాని గురించి అడిగితే, "అది చాలా చిన్న విషయం అక్కా, నాలుగు టెస్టులు బాగుచేయించాను" అంది.

"చేశావా, చేయించావా?"

"ఒకటి నాది. మిగతా మూడూ వేరే టీమ్‌ల వాళ్లవి. వాళ్లు మొదట కుదరదన్నారు."

నాకు కావలసింది ఆ చివరి ముక్క. కథలో ‘కుదరదు’ అన్న మనిషి ఉన్నాడు, అలా అనడానికి అతనికి పూర్తి హక్కు ఉంది, అయినా చివరికి పని జరిగింది. ఉదాహరణ ఎంచుకునేటప్పుడు ప్రాజెక్టు ఎంత పెద్దదన్నది చూడకండి. కాదన్న మనిషి ఉన్నాడా, లేడా అన్నది చూడండి. అందరూ మొదటి మాటకే ఒప్పుకున్న కథలో మీ పలుకుబడి ఎక్కడా కనబడదు. వాళ్లకి అది ముందే ఇష్టమై ఉండొచ్చు.

తను చెప్పిన కథ ఇది. వాళ్ల యాప్ మీద మూడు టీమ్‌లు పనిచేస్తాయి. లాగిన్ చూసేవాళ్లు, పేమెంట్లు చూసేవాళ్లు, బిల్లులు చూసే వీళ్లు. పనిదినాల్లో రోజూ రాత్రి మూడు టీమ్‌ల కోడ్ కలిపి, దాదాపు అరవై ఆటోమేటిక్ టెస్టులు నడిపిస్తారు. దానికి నలభై నిమిషాలు పడుతుంది. అన్నీ పాసైతే పచ్చ, ఒక్కటి ఫెయిలైనా ఎరుపు. ఎరుపు వస్తే కోడ్‌లో తప్పు ఉన్నట్టు. కానీ కొన్నాళ్లుగా తప్పేమీ లేకపోయినా ఎరుపు వస్తోంది. అదే కోడ్‌ని మళ్లీ నడిపిస్తే పచ్చ వస్తోంది. ఇలా ఒకసారి ఫెయిలై, ఏమీ మార్చకుండానే ఇంకోసారి పాసయ్యే వాటిని ఫ్లేకీ టెస్టులంటారు. టెస్టింగ్‌లో ఉన్నవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. వీటివల్ల అసలు నష్టం పోయే టైమ్ కాదు. జనానికి ఎరుపు అలవాటైపోతుంది. ఎరుపు రాగానే "మళ్లీ రన్ కొట్టు" అనేస్తారు, ఎందుకు వచ్చిందని ఎవరూ చూడరు. వీళ్లకి ఒక గురువారం అదే జరిగింది. నిజమైన తప్పు చూపించిన ఎరుపుని అలవాటు కొద్దీ ఎవరూ పట్టించుకోలేదు, మళ్లీ నడిపితే పచ్చ వచ్చింది. యాప్ బయటికి వెళ్లాక కొంతమందికి ఒకే బిల్లుకి రెండు రశీదులు వచ్చాయి.

మరుసటి సోమవారం నుంచి తను ఒక షీటు మొదలుపెట్టింది. తారీఖు, ఏ టెస్టు ఫెయిలైంది, ఎవరి టీమ్‌ది, నిజమైన తప్పా కాదా, కారణమేంటి. ఇవి ఐదు గడులు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెయ్యమనలేదు. రోజూ పొద్దున్న పావుగంట దాని మీద కూర్చునేది. మూడు వారాలకి పదిహేను రాత్రుల లెక్క వచ్చింది. అందులో ఎనిమిది ఎరుపు. ఆ ఎనిమిదిలో ఒక్కటే నిజం. మిగతా ఏడు రాత్రుల ఎరుపుకీ కారణం అరవైలో నాలుగే టెస్టులు. రెండు పేమెంట్ల టీమ్‌వి, ఒకటి లాగిన్ వాళ్లది, ఒకటి తనదే.

ఇక్కడ తను ఒక పొరపాటు చేసింది. షీటు మొత్తం జతచేసి మూడు టీమ్‌లకీ మెయిల్ పెట్టింది, మేనేజర్లని సీసీలో ఉంచి మరీ. మీ టీమ్ టెస్టులు ఇవి, ఈ శుక్రవారంలోగా సరిచేయగలరు, అని రాసింది. వారం రోజులు ఒక్క జవాబు లేదు. ఆ తర్వాత పేమెంట్ల టీమ్‌లో తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న సీనియర్ ఒకాయన కాఫీ మెషీన్ దగ్గర కనిపించి, "ఈ స్ప్రింట్‌లో మాకు దానికి టైమ్ లేదమ్మా, కుదరదు" అని వెళ్లిపోయాడు. లాగిన్ టీమ్ కుర్రాడైతే ఆమె వైపు చూడటమే మానేశాడు.

"ఈ మెయిల్ సంగతి చెప్పకూడదు కదక్కా" అంది. చెప్పాలన్నాను. ప్యానెల్లో కూర్చున్నవాళ్లకి ఇలాంటి మెయిళ్లు వస్తూనే ఉంటాయి, తామూ రాసి ఉంటారు. మొదటి ప్రయత్నం ఎందుకు చెడిందో తనకి తెలిసిందని చెబితేనే రెండో ప్రయత్నానికి అర్థం ఉంటుంది. పైగా ఆ మెయిల్లో తన వేషం చూడండి. హోదా లేదు, కానీ సీసీలో పెట్టిన మేనేజర్ల హోదాని కాసేపు అరువు తెచ్చుకుంది. సమానమైన వాళ్లు దాన్ని ఇట్టే పసిగడతారు.

ఈ అరువు హోదా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలా కథలు ఇక్కడే మునుగుతాయి. "వాళ్లు వినకపోతే మా మేనేజర్‌కి చెప్పాను, ఆయన వాళ్ల మేనేజర్‌తో మాట్లాడారు, పని అయిపోయింది." ఇది తప్పు పని కాదు. జనం డబ్బుకో, వాళ్ల వివరాలకో ముప్పు ఉంటే ఆ క్షణమే పైవాళ్లకి చెప్పాలి, ఒప్పిస్తూ కూర్చోకూడదు. కానీ ఆ కథలో ఒప్పించింది మేనేజరు. మీ కథలో ఆఖరి మలుపు పైవాళ్ల ఫోన్ కాల్‌తో వచ్చిందంటే ఇంకో కథ వెతుక్కోండి.

మెయిల్ బెడిసికొట్టాక తను ముందు తన టెస్టు బాగుచేసుకుంది. అందులో తప్పు చాలా మామూలుది. "మూడు సెకన్లు ఆగి బటన్ నొక్కు" అని రాసి ఉంది. సర్వర్ మీద భారం ఉన్న రాత్రి ఆ స్క్రీన్ రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది, బటన్ కనబడక టెస్టు ఫెయిలవుతుంది. దాన్ని "బటన్ కనిపించేదాకా ఆగు, ముప్ఫై సెకన్లు దాటితేనే ఫెయిల్ చెయ్యి" అని మార్చింది. తర్వాత ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని పేమెంట్ల సీనియర్ దగ్గరికి వెళ్లింది. టెస్టుల సంగతి ఎత్తకుండా, "మన గురువారం రాత్రి రిలీజు పని ఎలా నడుస్తుంది?" అని అడిగింది.

రిలీజు రాత్రి డ్యూటీ ఆయనదేనని అప్పటిదాకా తనకి తెలియదు. పది గంటలకి రన్ మొదలవుతుంది, ఎరుపు వస్తే పదీ నలభైకి మళ్లీ మొదలుపెట్టాలి, మళ్లీ ఎరుపైతే పదకొండూ ఇరవై. "గురువారం మా పాప పడుకున్నాకే నేను ల్యాప్‌టాప్ మూసేది" అన్నాడాయన. తను షీటు తెరిచి ఆ పదిహేను రాత్రుల్లో గురువారాలు మూడూ చూపించింది. మూడింట్లో రెండు ఉత్తుత్తి ఎరుపు. తన టెస్టు ఎలా బాగుచేసిందో కూడా చూపించి, "మీ రెండింటికీ మార్పులు నేను రాసి పంపుతాను, మీరు రివ్యూ చేస్తే చాలు" అంది. ఆయన టెస్టులు రెండూ ఒకే టెస్ట్ అకౌంటు వాడుతున్నాయి. రెండూ ఒకేసారి నడిచిన రాత్రి ఒకటి అందులోని డబ్బు ఖర్చు పెట్టేస్తే, రెండోది బ్యాలెన్స్ లేక ఫెయిలవుతోంది. విడివిడి అకౌంట్లు ఇస్తే సరిపోతుంది.

దానికి ఆయన సరేనన్నాడు. ఇంకో మాటకి మాత్రం ఒప్పుకోలేదు. ఇకముందు ఏ టెస్టు ఫ్లేకీ అని తేలినా, బాగుచేసేదాకా దాన్ని ప్రధాన రన్ నుంచి తీసి పక్కన పెట్టాలని తను ప్రతిపాదించింది. చాలాచోట్ల ఇలా చేస్తారు, క్వారంటైన్ అంటారు. "పేమెంట్ టెస్టుని పక్కన పెడితే ఆ నాలుగు రోజులూ డబ్బుకి కాపలా ఎవరు?" అని అడిగాడాయన. ఆయన చెప్పింది నిజమే. తను నియమం మార్చింది. పేమెంట్ టెస్టుల్ని ఎప్పుడూ తీయకూడదు, అదే రోజు బాగుచేయాలి. మిగతావి తీసినా ఐదు పనిదినాలకి మించి బయట ఉండకూడదు. ఈ ముక్క చెప్పకుండా వదిలేద్దామనుకుంది, తన ప్రతిపాదన వీగిపోయినట్టుంటుందని. నాకైతే కథలో అన్నిటికంటే బలమైన చోటు అదే. ఎదుటివాళ్లు చెప్పింది విని తన ప్లాను మార్చుకున్న మనిషి కనిపిస్తే, నా గీతకి కుడివైపు రాసుకోవడానికి ఎంతో దొరుకుతుంది.

లాగిన్ టీమ్ కుర్రాడు తర్వాతి వారం తనంతట తనే వచ్చి అడిగాడు. అతని టెస్టులోనూ అదే మూడు సెకన్ల జబ్బు. నాలుగూ సరయ్యాక ఇంకో పదిహేను రాత్రులు లెక్క రాస్తే మూడు ఎరుపులు వచ్చాయి. అందులో రెండు నిజమైన తప్పులు, ఒకటి ఉత్తుత్తిది. ఏడు రాత్రుల గోల ఒక రాత్రికి దిగింది. ఫలితం చెప్పేటప్పుడు ఇలా లెక్కపెట్టి చూసిన అంకె చెప్పండి, చిన్నదైనా పరవాలేదు. "ఎనభై ఐదు శాతం తగ్గింది" అంటే ఎన్ని రాత్రుల మీద అని అడుగుతాం, పదిహేను అని తెలిశాక ఆ శాతం వెలవెలబోతుంది. ఏడు నుంచి ఒకటి అన్నది మాత్రం నిలబడుతుంది.

కథ దొరికాక దాన్ని గట్టిగా గిల్లి చూడాలి. మేము తర్వాత వేసే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ మూడే. మొదటిది, ఎవరు ఒప్పుకోలేదు, ఎందుకు? "అందరూ సహకరించారండీ" అంటే కథ అక్కడితో ఆగిపోతుంది. "ఆయనకి అర్థం కాలేదు" అన్నా ప్రమాదమే. కాదన్న మనిషి వైపు నుంచి చూస్తే అతని మాట సబబుగా కనిపించాలి. ఇక్కడ ఆయనకి టైమ్ లేదు, పైగా పదిమంది ముందు తన టీమ్ పేరు ఎర్రగా రాసి పంపారు. ఎవరికైనా మండుతుంది.

రెండోది, అప్పుడు మీ మేనేజర్ ఎక్కడున్నారు? ఈ ప్రశ్న అరువు హోదాని బయటపెడుతుంది. మా చెల్లి జవాబు సూటిగా ఉంది. షీటు రాస్తున్నట్టు మేనేజర్‌కి తెలుసు, మెయిల్ సీసీలో ఆయన ఉన్నారు, ఆ తర్వాత ఆయన కలగజేసుకోలేదు, తను అడగలేదు.

మూడోది, మీరు పక్కకి తప్పుకున్నాక ఏమైంది? దీనికి చాలామంది దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే తర్వాత ఏమైందో వాళ్లు వెనక్కి తిరిగి చూడరు. మా చెల్లి మేనమామ కూతురి పెళ్లికి పది రోజులు రాజమండ్రి వెళ్లింది. తిరిగొచ్చి షీటు తెరిస్తే ఆ రోజుల వరసలు నిండి ఉన్నాయి. లాగిన్ టీమ్ కుర్రాడు నింపాడు. ఐదో గడిలో తన పద్ధతిలో కారణాలు కూడా రాశాడు. నాకు ఈ సంగతి ఏదో పిచ్చాపాటీలో చెప్పింది, కాగితం మీద రాసుకోలేదు.

ఇక భాష సంగతి. తను మొదటిసారి కథ చెప్పినప్పుడు మొత్తం "మేం చేశాం, మేం అనుకున్నాం, మేం మాట్లాడాం" అనే నడిచింది. పెద్దల మధ్య పెరిగిన మనకి ‘నేను’ అనడం మొహమాటం. కానీ ‘మేం’ అంటే ప్యానెల్‌కి తను ఏం చేసిందో, పక్కవాళ్లు ఏం చేశారో విడదీయడం కుదరదు. ఇంగ్లీషులోకి మారితే ఇంకా కష్టం. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. ఇంగ్లీషులో రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి. అందుకే జవాబుని ముందు తెలుగులో చెప్పుకోమన్నాను. తను చేసిన ప్రతి పనికీ ‘నేను’ అనాలి, సీనియర్ చేసినదానికి ‘ఆయన’ అనాలి, కుర్రాడు చేసినదానికి ‘అతను’ అనాలి. ‘మనం’ అన్న మాట కథ లోపల ఒకచోట రావాలి, తను ఆయన పక్కన కూర్చుని మాట్లాడిన చోట. ఆ మధ్యాహ్నం తను అన్నది "మన గురువారం రాత్రి" అనే. మెయిల్లో రాసింది "మీ టెస్టులు" అని. చెడిన ప్రయత్నానికీ కుదిరిన ప్రయత్నానికీ మధ్య తేడా ఆ రెండు మాటల్లోనే ఉంది. తెలుగులో చెప్పుకుంటేనే అది తనకి కనిపించింది.

ఇంకా ఉద్యోగం రానివాళ్లు, మాకు ఇలాంటివి ఎక్కడుంటాయని అడుగుతారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చూసుకోండి. నలుగురి బ్యాచ్‌లో ఇద్దరు కనిపించకుండా పోయే ఉంటారు. "వాళ్లు రాకపోతే మొత్తం నేనే చేశాను" అన్నది ఈ ప్రశ్నకి జవాబు కాదు, ఒకరకంగా దానికి ఎదురు జవాబు. ఆ ఇద్దరిలో ఒక్కరినైనా మళ్లీ పనిలోకి ఎలా తెచ్చారో, అతను ఎందుకు రావడం లేదని తెలుసుకున్నారో, అతనికి ఏ భాగం ఇచ్చారో చెప్పగలిగితే కథ ఉన్నట్టే. బ్యాచ్ లీడర్‌గా గైడ్ మీ పేరు రాసి ఉంటే మాత్రం అది వదిలేయండి.

చెప్పే టైము రెండు, రెండున్నర నిమిషాలు మించకూడదు. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే నాలుగు మెట్ల పద్ధతి కోచింగుల్లో నేర్పుతారు, స్టార్ అంటారు. పద్ధతి మంచిదే. కానీ మనవాళ్లు మొదటి మెట్టు మీదే నిమిషంన్నర కూర్చుంటారు, కంపెనీ ఏంటి, యాప్ ఏంటి, సర్వర్లు ఎన్ని అంటూ. పరిస్థితి అరనిమిషంలో అయిపోవాలి. మిగతా టైమంతా కాదన్న మనిషి దగ్గర గడపాలి.

మా చెల్లి జవాబు సిద్ధమైంది. అందులో నడిమి భాగమంతా షీటే. పదిహేను రాత్రులు, ఎనిమిది ఎరుపులు, నాలుగు టెస్టులు, అంకెలు చూసి సీనియర్ ఒప్పుకున్నాడని. రావెన్ ఆరో కారణం చక్కగా సరిపోయిందని నాకూ అనిపించింది. అయినా నేను ఎవరికైనా చివర్లో చెప్పే మాటే తనకీ చెప్పాను. ఆ మనిషికి ఒకసారి ఫోన్ చేసి, ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నారో అడుగు. వీలున్నప్పుడల్లా ఇది చేయాలి. మనం ఒప్పించామనుకున్న కారణమూ, అవతలివాళ్లు ఒప్పుకున్న కారణమూ ఒకటే అని గ్యారంటీ లేదు.

మా హాల్లో కూర్చునే చేసింది. స్పీకర్ పెట్టింది. ఆయన కాసేపు ఆలోచించి అన్నాడు: "షీటా? షీటు మెయిల్లో కూడా వచ్చింది కదమ్మా, అప్పుడు నాకు ఒళ్లు మండింది. రెండోసారి వచ్చినప్పుడు నువ్వు ముందు నీ టెస్టు బాగుచేసుకుని వచ్చావు చూడు. నీ తప్పు నువ్వే తెరిచి చూపించావు. అందుకని కూర్చున్నాను."

ఫోన్ పెట్టేశాక తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తీసుకుని నడిమి భాగం కొట్టేసింది. షీటుకి రెండు వాక్యాలు మిగిల్చింది. తిరగరాసిన జవాబు ఇలా ఉంది:

"మా యాప్‌లో రాత్రి టెస్టులు తప్పు లేకపోయినా ఫెయిలవుతుండేవి, అందరూ వాటిని పట్టించుకోవడం మానేశారు, ఒక నిజమైన తప్పు బయటికి వెళ్లిపోయింది. నేను మూడు వారాలు లెక్క రాస్తే నాలుగు టెస్టులే కారణమని తేలింది. మూడు వేరే టీమ్‌లవి, ఒకటి నాది. నేను మేనేజర్లని సీసీలో పెట్టి మెయిల్ రాశాను, అది తప్పు. ఎవరూ కదల్లేదు, పేమెంట్ల టీమ్ సీనియర్ కుదరదన్నారు. అప్పుడు నా టెస్టు బాగుచేసి, నా తప్పేమిటో ఆయనకి చూపించాను. ఆయన గురువారం రాత్రులు ఎలా పోతున్నాయో అడిగాను. ఆయన రెండు మార్పులకి ఒప్పుకున్నారు, పేమెంట్ టెస్టుల్ని పక్కన పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆయన చెప్పింది సరైనది, నా నియమం మార్చుకున్నాను. పదిహేను రాత్రుల్లో ఏడు ఉత్తుత్తి ఎరుపులు ఉండేవి, తర్వాతి పదిహేనులో ఒకటే వచ్చింది."

ఇంటర్వ్యూలో ప్యానెల్ మొదట అడిగింది ఫలితం గురించి కాదట. "మీరు ముందు మెయిల్ పెట్టకుండా ఉంటే ఆ సీనియర్ ఎన్ని రోజుల్లో ఒప్పుకునేవారు?" అని అడిగారట. "ఒక మధ్యాహ్నంలో" అని చెప్పింది. అప్పుడు ఆ ప్యానెల్లో ఒకావిడ పెన్ను తీసి ఏదో రాసుకుందని, ఏ వైపు రాసిందో తనకి కనబడలేదని ఆ సాయంత్రం ఫోన్‌లో చెప్పింది.